అప్పర్ సర్క్యూట్‌లో ఇరుక్కున్న షార్ట్: పెట్టిన మార్జిన్ కంటే ఎక్కువ పోతుందా?

కూకట్‌పల్లి_కుర్రోడు
ఒక చిన్న కంపెనీ షేర్. ఫ్యూచర్స్, ఆప్షన్స్ నడిచే ఎఫ్అండ్‌ఓ జాబితాలో లేదు. ముందురోజు ముగింపు 400. ఇవాళ సోమవారం పదకొండున్నరకి ఇంట్రాడేలో 200 షేర్లు 428కి అమ్మాను, దిగాక కొనేద్దామని. రెండు దాటాక ఇవాళ్టి పది శాతం పై హద్దు, అంటే అప్పర్ సర్క్యూట్, 440కి వెళ్ళి అక్కడే అతుక్కుపోయింది. కొనడానికి ఆర్డర్ పెడితే పెండింగ్‌లోనే ఉంది. మూడుంబావుకి బ్రోకర్ ఆటో స్క్వేరాఫ్ వేశాడు, అదీ పూర్తవలేదు. ఇప్పుడు "షార్ట్ డెలివరీ, ఆక్షన్‌కి వెళ్తుంది" అని మెసేజ్ వచ్చింది. నేను పెట్టిన మార్జిన్ 17,120 రూపాయలు. అంతకు మించి పోదు కదా? అసలు నా దగ్గర లేని షేర్లు నేనెలా బాకీ పడ్డాను?

చార్ట్_చంద్రం
కంగారు పడకు బ్రో. మార్జిన్ వరకే పోతుంది. ఇంట్రాడేలో ఆ షేర్లు బ్రోకరే నీకు అప్పిస్తాడు, ఇచ్చేవాడికి వాడే ఇచ్చుకుంటాడు. నీ పని అయిపోయింది.

లెక్కలమాస్టారు
చంద్రంగారు, రెండూ తప్పే. ఇలా నమ్మే చాలామంది రేపు సాయంత్రం బిల్లు చూసి ఉలిక్కిపడతారు కాబట్టి వివరంగా చెబుతాను.

ఇంట్రాడే షార్ట్‌లో అప్పు తెచ్చిన షేర్ ఎక్కడా లేదు. మన మార్కెట్లో ఇవాళ చేసిన లావాదేవీకి షేర్లు, డబ్బు చేతులు మారేది మరుసటి పనిదినాన. అంటే పదకొండున్నరకి అమ్మినప్పుడు మీరు ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, "రేపు 200 షేర్లు ఇస్తాను" అని మాట ఇచ్చారు. మూడున్నరలోపు తిరిగి 200 కొంటే "రేపు 200 తీసుకుంటాను" అనే మాట తోడై రెండూ కొట్టేసుకుపోతాయి. లావాదేవీల లెక్క తేల్చే క్లియరింగ్ కార్పొరేషన్ చూసేది మిగిలిన లెక్క ఒక్కటే. సున్నా అయితే షేర్ల ప్రస్తావనే రాదు, తేడా డబ్బు మాత్రం మీ ఖాతాలో పడుతుంది లేదా కట్ అవుతుంది.

మీ విషయంలో రెండో మాట పుట్టలేదు. 440 దగ్గర కొనేవాళ్ళు బారులు తీరి ఉన్నారు, అమ్మేవాడు లేడు. కాబట్టి రేపు మీ తరఫున 200 షేర్లు ఇవ్వాలి. మీ డీమ్యాట్‌లో లేవు. బ్రోకర్ తన జేబులోంచి ఇవ్వడు, వాడి దగ్గరా ఉండవు. అవతల కొన్నాయనకి మాత్రం షేర్లు రావాల్సిందే. అందుకే ఎక్స్ఛేంజ్ రేపు మధ్యాహ్నం వేలం పెట్టి, మీ ఖర్చుతో ఆ 200 కొని ఆయనకిస్తుంది. ధర ఎంతయినా ఆ తేడా మీదే.

కూకట్‌పల్లి_కుర్రోడు
ఎంతయినా అంటే ఎంత సార్? నిద్ర పట్టేట్టు లేదు, ఒక అంకె చెప్పండి.

లెక్కలమాస్టారు
రెండు దారులున్నాయి. వేలంలో అమ్మేవాళ్ళు దొరికితే ఒక లెక్క, దొరక్కపోతే ఇంకో లెక్క.

వేలంలో పాల్గొనేవాళ్ళు ముందురోజు ముగింపు ధర మీద 20 శాతం ఎక్కువ వరకు అడగొచ్చు. 440 మీద 20 శాతం కలిపితే 528. ఆ ధరకే తెగితే షేరుకి 100 నష్టం, 200 షేర్లకి 20,000. అప్పటికే మీ 17,120 దాటిపోయింది.

వేలంలో ఎవరూ రాకపోతే డబ్బుతో తేల్చేస్తారు. అమ్మిన రోజు నుంచి వేలం రోజు దాకా నడిచిన అత్యధిక ధర ఒకటి, వేలం రోజు ముగింపు మీద 20 శాతం ఎక్కువ ఇంకొకటి, ఈ రెండిట్లో పెద్దది మీ మీద పడుతుంది. రేపు కూడా పది శాతం సర్క్యూట్ తగిలిందనుకోండి, ముగింపు 484. దానిమీద 20 శాతం కలిపితే 580.80. అందులోంచి 428 తీసేస్తే షేరుకి 152.80, మొత్తం 30,560. బ్రోకర్ ఛార్జీలు వేరే.

ఇటుపక్క చూడండి. ఇవాళ ఈ షేర్ కింది సర్క్యూట్ 360. సరిగ్గా అక్కడే కొనగలిగినా మీకు వచ్చేది షేరుకి 68, మొత్తం 13,600. ఎక్కువలో ఎక్కువ 13,600 కోసం 30,560 పోయే బేరం కుదుర్చుకున్నారు. అదీ రెండోరోజుకే.

ఎఫ్అండ్‌ఓలో లేని షేర్‌ని ఐదు రెట్ల లెవరేజ్‌తో షార్ట్ చేయనిచ్చారంటే అది మీ బ్రోకర్ దగ్గర లోపం. కొందరు బ్రోకర్లు ఇలాంటి షేర్లని ఎంఐఎస్‌లోంచి, అంటే ఇంట్రాడే ఆర్డర్ల రకంలోంచి, తీసేస్తారు.

ఉప్పల్_వాణి
నిన్న కొన్నవి ఇవాళ అమ్మితే అది కూడా షార్టేనా? నేను శుక్రవారం కొని ఇవాళ పొద్దున అమ్మేశాను, డీమ్యాట్‌లోకి ఇంకా రాలేదు. నాకూ ఆక్షన్ మెసేజ్ వస్తుందా?

డెల్టా_దిల్‌సుఖ్‌నగర్
@ఉప్పల్_వాణి అది షార్ట్ కాదండీ, బీటీఎస్‌టీ, అంటే ఇవాళ కొని రేపు అమ్మడం. మీరు కొన్నవే అమ్మారు. కానీ శుక్రవారం మీకు అమ్మినవాడు ఈ కుర్రోడిలా ఇరుక్కుని ఉంటే మీకు షేర్లు రావు, అప్పుడు మీరు అమ్మినవీ ఇవ్వలేకపోతారు. మీ తప్పేమీ లేకుండానే ఆక్షన్ మీ దాకా వస్తుంది. శుక్రవారం అది అప్పర్ సర్క్యూట్‌లో ముగిసిందా చూడండి. లేకపోతే భయం తక్కువ.

ఉప్పల్_వాణి
సర్క్యూట్ ఏమీ లేదు, పెద్ద బ్యాంక్ షేరే. థాంక్స్ అండీ.

చార్ట్_చంద్రం
సరే, అప్పు మాట వెనక్కి తీసుకుంటున్నా మాస్టారూ. కానీ "ధర ఎంతయినా ఆ తేడా మీదే" అంటూ నష్టానికి హద్దే లేనట్టు భయపెట్టడం మాత్రం ఒప్పుకోను. అమ్మగానే 434 దగ్గర స్టాప్‌లాస్ పెట్టుకుంటే షేరుకి ఆరు రూపాయలతో బయటపడేవాడు. హద్దు మనం పెట్టుకునేదే.

డెల్టా_దిల్‌సుఖ్‌నగర్
సగం నిజం. మెల్లగా 434 మీదుగా వెళ్తే మీరన్నట్టే బయటపడతాడు, అది పెట్టుకోకపోవడం అతని పొరపాటే. కానీ స్టాప్‌లాస్ అంటే హామీ కాదు, ఫలానా ధర తాకితే కొనుగోలు ఆర్డర్ పంపమని ముందే చెప్పి ఉంచడం. అవతల అమ్మేవాడు ఉంటేనే అది పూర్తవుతుంది. 431 దగ్గరున్న షేర్ వార్త రాగానే ఒక్క ఊపులో 440కి ఎగిరితే మీ ఆర్డర్ ట్రిగ్గర్ అయి, వెళ్ళి బారులో చివర నిలబడుతుంది. ఇంట్రాడేలో సర్క్యూట్, రాత్రి దాటి మోసే షార్ట్‌లో పొద్దున గ్యాప్. ఈ రెండు చోట్లా స్టాప్‌లాస్ చేతులెత్తేస్తుంది.

లెక్కలమాస్టారు
దానికి ఇంకో మాట కలుపుతాను. వంద పెట్టి కొన్న షేర్ సున్నాకి పోతే వందే పోతుంది, అందరికీ తెలిసిందే. తెలియనిది ఏంటంటే, కొన్నవాడికి నష్టం వచ్చేకొద్దీ పందెం చిన్నదవుతుంది. లక్ష పెట్టి కొన్నది సగానికి పడితే ఇక అతని రిస్కు యాభై వేల మీదే. షార్ట్ చేసినవాడికి ఇది తిరగబడుతుంది. లక్షకి షార్ట్ చేసిన షేర్ రెట్టింపయితే లక్ష నష్టం వచ్చిందనే కాదు, ఇప్పుడతను రెండు లక్షల షార్ట్ మోస్తున్నాడు. అక్కడి నుంచి పది శాతం పెరిగినా మొదట్లో పదివేలు పోయేచోట ఇరవై వేలు పోతాయి. తప్పు చేసినకొద్దీ పందెం దానంతటదే పెరుగుతుంది. హద్దు లేదనే మాటకి అసలు బరువు ఇక్కడుంది.

మూసీ_గట్టు
నాకొక డౌటున్నది అన్నా. ఇంట్రాడేల అప్పు లేదంటున్నరు. మరి నెలల తరబడి షార్ట్ పెట్టుకునేటోళ్ళు షేర్లు యాడికెల్లి తెస్తరు? అప్పు దెచ్చి అమ్ముడంటె, అప్పిచ్చినోడు నడిమిట్ల అడిగితె ఏం జెయ్యాలె?

రాధిక_రామంతపూర్
నేను అటువైపు మనిషిని, షేర్లు అప్పిచ్చేదాన్ని, కాబట్టి ఇది నేను చెబుతాను. మన దగ్గర దీన్ని ఎస్‌ఎల్‌బీ అంటారు. 2008 ఏప్రిల్ నుంచి ఉంది. ఎక్స్ఛేంజ్‌లోనే ప్రత్యేక తెర మీద జరుగుతుంది. ఎవరు తీసుకుంటున్నారో నాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు, మధ్యలో క్లియరింగ్ కార్పొరేషన్ పూచీ ఉంటుంది.

డీమ్యాట్‌లో ఐదు వందల రూపాయల షేర్లు వెయ్యి ఉన్నాయనుకోండి. నెల గడువుకి షేరుకి రెండు రూపాయలు ఫీజు అడుగుతూ ఆర్డర్ పెడతాను. ఎవరైనా ఒప్పుకుంటే రెండు వేలు ముందే వస్తాయి, షేర్లు నా డీమ్యాట్ నుంచి వెళ్ళిపోతాయి. గడువు నెల నుంచి పన్నెండు నెలల దాకా ఎంచుకోవచ్చు. గడువు రోజున అన్నే షేర్లు తిరిగి వస్తాయి. మధ్యలో డివిడెండ్ ప్రకటిస్తే ఆ మొత్తం తీసుకున్నవాడి దగ్గర వసూలు చేసి నాకిస్తారు. షార్ట్ చేసేవాళ్ళు దీన్ని లెక్కలో వేసుకోరు. షేరుకి పది రూపాయల డివిడెండ్ వస్తే ఫీజు రెండు కాక ఆ పదీ వాళ్ళే కట్టాలి.

మూసీగట్టుగారు అడిగినదానికి: నేను ముందే వెనక్కి కావాలనుకుంటే రీకాల్ ఆర్డర్ పెట్టొచ్చు. కానీ నా స్థానంలో ఇంకొకరు అప్పివ్వడానికి ముందుకొస్తేనే నా షేర్లు నాకొస్తాయి. తీసుకున్నవాడి మెడ మీద కత్తి పెట్టరు. అందుకే గడువులోపు అమ్మాల్సొచ్చే షేర్లు నేనెప్పుడూ ఇవ్వను.

డెల్టా_దిల్‌సుఖ్‌నగర్
అమెరికాలో ఇది వేరు. అక్కడ అప్పు బ్రోకర్ల మధ్య నడుస్తుంది, సాధారణంగా గడువుండదు. ఇచ్చినవాడు ఎప్పుడడిగినా ఇవ్వాలి. బ్రోకర్ ఇంకోచోట దొరకబుచ్చుకోగలిగితే మీకు తెలియనే తెలియదు. దొరక్కపోతే మీ ఖాతాలో షేర్లు కొనేసి అప్పు తీర్చేస్తాడు, మీ అనుమతి అడగడు. ఫీజు కూడా రోజురోజుకీ మారుతుంది. అందరూ ఒకే షేర్‌ని షార్ట్ చేస్తుంటే అది భారీగా పెరుగుతుంది.

మన దగ్గర అప్పు దొరక్కుండా అమ్మి ఊరుకోవడం సెబీ నిషేధించింది. అమ్మిన షేర్లు డెలివరీకి ఇచ్చి తీరాలి. సంస్థలయితే షార్ట్ అమ్మకమని ఆర్డర్ పెట్టేటప్పుడే చెప్పాలి, మనలాంటివాళ్ళం ఆరోజు ముగిసేలోగా.

చార్ట్_చంద్రం
ఎస్‌ఎల్‌బీ ఉందనేగానీ అక్కడ నాకెప్పుడూ షేర్లు దొరకలేదు. చాలా షేర్లలో అటువైపు ఒక్క ఆర్డర్ కూడా ఉండదు.

రాధిక_రామంతపూర్
అది నిజమే. బాగా చేతులు మారే షేర్లలోనే కొంచెం కదలిక ఉంటుంది. అందుకే ఎక్కువమంది ఫ్యూచర్స్‌లో షార్ట్ చేస్తారు.

డెల్టా_దిల్‌సుఖ్‌నగర్
చేస్తారు, కానీ షేర్ ఫ్యూచర్స్ ఎక్స్‌పైరీ దాకా ఉంచితే షేర్లే ఇవ్వాలి, డబ్బుతో తేలిపోదు. ఆఖరి గురువారమో మంగళవారమో మర్చిపోయి కూర్చుంటే ఒక లాట్ మొత్తానికి షార్ట్ డెలివరీ. కుర్రోడి 200 షేర్లు దాని ముందు చిన్నవి.

నాగోల్_తాత
మా చిన్నప్పుడు ఊళ్ళో నాగుకి వడ్లు తెచ్చుకునేవాళ్ళు. ఈ కథంతా అదే. తిండి గింజలు అయిపోయినవాడు మోతుబరి దగ్గర పది బస్తాలు తెచ్చుకుని, పంట వచ్చాక నాగు వడ్డీతో కలిపి పదిహేను కొలిచేవాడు. అప్పు రూపాయల్లో రాసుకోరు, బస్తాల్లో రాసుకుంటారు. వడ్ల ధర పడిపోయిందా తీర్చేవాడు బతికిపోయాడు. కరువొచ్చి ధర మూడింతలయిందా, అవే బస్తాలు మూడింతల డబ్బు పెట్టి కొని కొలవాలి. షేరు షార్ట్ చేసినవాడూ అంతే, వాడి బాకీ డబ్బు కాదు, వస్తువు.

మూసీ_గట్టు
ఇప్పుడు సమజయింది తాతా. మరి ఊరంత నాగుకి దెచ్చి, వడ్లన్ని ఒక్కని గోదాంల ఉంటె?

లెక్కలమాస్టారు
మీరు అడిగింది షార్ట్ స్క్వీజ్ గురించే. అచ్చంగా అలాగే జరిగిన సంగతి ఒకటుంది, జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ షేర్, 2008 అక్టోబర్.

కంపెనీలో ఓటు హక్కున్న షేర్లు మొత్తం వంద అనుకోండి. లోయర్ సాక్సనీ రాష్ట్ర ప్రభుత్వం దగ్గర 20 పైచిలుకు, అది అమ్మదు. పోర్షే కొంటోందని అందరికీ తెలుసు, ఎంత కొన్నదో తెలియదు. అదే సమయంలో చాలా హెడ్జ్ ఫండ్లు ఈ షేర్ ధర మితిమీరిందని షార్ట్ చేసి కూర్చున్నాయి. వందలో దాదాపు 12 అప్పు తెచ్చి అమ్మినవే. బయట ఎన్నో షేర్లు తిరుగుతున్నాయి, 12 తిరిగి కొనడం పెద్ద పని కాదనుకున్నారు.

అక్టోబర్ 26 ఆదివారం పోర్షే ఒక ప్రకటన చేసింది. చేతిలో 42.6 శాతం షేర్లున్నాయి, ఇంకో 31.5 శాతానికి డబ్బుతో తేలే ఆప్షన్లున్నాయి అని. ఆ ఆప్షన్లు ఇచ్చిన బ్యాంకులు తమ రక్షణ కోసం షేర్లు కొనిపెట్టుకుని ఉన్నాయి, అవి బయటికి రావు. కూడండి: 42.6, 31.5, రాష్ట్రానిది 20. వందలో మిగిలింది 6కి లోపు. షార్ట్ చేసినవాళ్ళు తిరిగి ఇవ్వాల్సింది 12.

సోమవారం పొద్దున అందరూ ఒకేసారి కొనడానికి పరిగెత్తారు. శుక్రవారం దాదాపు 210 యూరోల దగ్గర ముగిసిన షేర్ మంగళవారం ఒక దశలో 1000 యూరోలు దాటింది. ఆ కాసేపు ప్రపంచంలో మార్కెట్ విలువ ప్రకారం అతి పెద్ద కంపెనీ ఫోక్స్‌వ్యాగన్. బుధవారం పోర్షే 5 శాతం వరకు వదులుతానన్నాకే ధర దిగింది.

ఇందులో గమనించాల్సింది, అదే కంపెనీ ఓటు హక్కు లేని ప్రిఫరెన్స్ షేర్ ఇలా ఎగరలేదు. అంటే కంపెనీ రాత్రికి రాత్రి ఐదు రెట్లు బాగుపడలేదు. ధర మితిమీరిందన్న షార్ట్‌ల లెక్క సరైనదే. అయినా మునిగిపోయారు, ఎందుకంటే వాళ్ళు తీర్చాల్సింది లెక్కతో కాదు, షేర్లతో.

కూకట్‌పల్లి_కుర్రోడు
ధర అంత పెరుగుతుంటే ఆగి, దిగాక కొనొచ్చు కదా? ఎందుకు 900లో కొంటారు?

డెల్టా_దిల్‌సుఖ్‌నగర్
ఆగనివ్వరు. అమెరికా నిబంధనతో లెక్క చూపిస్తాను, అక్కడ అంకెలు సూటిగా ఉంటాయి. 100కి ఒక షేర్ షార్ట్ చేస్తే అమ్మగా వచ్చిన 100, సొంతంగా పెట్టిన 50, మొత్తం 150 ఖాతాలో ఉంటుంది. షేర్ ధర తీసేశాక మిగిలేది ఆ ధరలో కనీసం 30 శాతం ఉండాలి. 150ని 1.3తో భాగించండి, 115.38. అంటే వందకి షార్ట్ చేసినవాడికి 115 దాటగానే ఫోన్ వస్తుంది, డబ్బు వెయ్యి లేదా కొని మూసెయ్ అని. డబ్బు లేనివాడు కొంటాడు. కొనడమంటే ధరని ఇంకొంచెం పైకి తోయడమే. 110కి షార్ట్ చేసినవాడికి 127 దగ్గర ఫోన్. వాడు కొంటే ధర 138 వైపు పోతుంది, అక్కడ 120కి షార్ట్ చేసినవాడు ఎదురుచూస్తుంటాడు. ఒకడు బయటపడటానికి చేసే కొనుగోలే తర్వాతివాడిని బయటికి గెంటుతుంది. ఎవరికీ ఆ ధరకి కొనాలని లేదు, కొనకుండా ఉండే స్తోమత లేదు, అంతే.

చార్ట్_చంద్రం
అమెరికాలో గేమ్‌స్టాప్ షేర్ కూడా ఇదే. 2021 జనవరిలో ఇరవై డాలర్ల లోపున్నది నెలాఖరుకి 483 తాకింది. మొత్తం షార్ట్ స్క్వీజే. ఉన్న షేర్ల కంటే షార్ట్ చేసినవే ఎక్కువట, దొంగ షేర్లు అమ్మారన్నమాట.

లెక్కలమాస్టారు
బయట తిరిగే షేర్ల కంటే షార్ట్ ఎక్కువ ఉందన్నది నిజం. దానికి దొంగ షేర్లు అక్కర్లేదు. తాతగారి వడ్లే తీసుకోండి. రాములు దగ్గర నాగుకి తెచ్చిన బస్తా సోములుకి అమ్మారు. సోములు దాన్ని భీములుకి నాగుకిచ్చాడు, భీములు అది ఇంకొకరికి అమ్మాడు. బస్తా ఒకటే, బాకీలు రెండు. షేర్లలోనూ అలాగే, కొన్నవాడి బ్రోకర్ ఆ షేర్‌నే మళ్ళీ అప్పివ్వొచ్చు.

"మొత్తం స్క్వీజే" అన్నది మాత్రం అంత తేలిక కాదు. అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికా ఎస్‌ఈసీ సిబ్బంది ఇచ్చిన నివేదిక చూడండి. షార్ట్‌లు తిరిగి కొనడం ధర పెరగడానికి తోడ్పడింది, కానీ మొత్తం కొనుగోళ్ళలో అది కొంత భాగమే, షార్ట్‌లు తగ్గిపోయాక కూడా ధర చాలా రోజులు పైనే ఉంది అని రాశారు. అంటే మామూలు జనం ఇష్టపడి కొన్నదే ఎక్కువ.

చార్ట్_చంద్రం
జనం కొన్నది ఎందుకు? షార్ట్‌లని ఇరికిద్దామనే కదా. షార్ట్‌లే లేకపోతే ఆ జనం వచ్చేవాళ్ళా? అది స్క్వీజ్ కిందే లెక్క వెయ్యాలంటాను.

లెక్కలమాస్టారు
ఉద్దేశం అదే కావచ్చు. బలవంతపు కొనుగోలు, ఇష్టపూర్వక కొనుగోలు విడివిడిగా చూడాలని నేనంటాను. బలవంతపుది అయిపోగానే ఆగుతుంది, రెండోది ఎప్పుడాగుతుందో ఎవరూ చెప్పలేరు. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

మూసీ_గట్టు
మన తెరమీద ముందుగాల ఎట్ల తెలుస్తది ఇరుక్కుంటమని?

డెల్టా_దిల్‌సుఖ్‌నగర్
నేను చూసే క్రమం చెబుతాను. ముందు ఆ షేర్ ఎఫ్అండ్‌ఓలో ఉందా. ఉంటే గట్టి సర్క్యూట్ ఉండదు, పది శాతం దగ్గర కాసేపు ఆగినా హద్దు సడలిస్తారు, ఎంతో కొంతకి కొని బయటపడొచ్చు. లేకపోతే కోట్ పేజీలో ప్రైస్ బ్యాండ్ చూడండి, 5 శాతం, 10 శాతం, 20 శాతం అని ఉంటుంది. ఇప్పటి ధర నుంచి పై హద్దుకి ఎంత దూరం? కుర్రోడు 428 దగ్గర అమ్మాడు, హద్దు 440. పన్నెండు రూపాయలే. అక్కడ షార్ట్ చేయడమంటే గోడకి వీపు ఆనించి నిలబడటం.

తర్వాత డెప్త్, అంటే పెండింగ్‌లో ఉన్న కొనుగోలు, అమ్మకం ఆర్డర్ల పట్టిక. అమ్మేవైపు మొత్తం పరిమాణం చూస్తూ ఉండండి. ధర పెరుగుతూ ఆ అంకె గంటగంటకీ కరిగిపోతుంటే సర్క్యూట్ దగ్గరపడుతున్నట్టు. కొనేవైపు రెండు లక్షలు, అమ్మేవైపు మూడు వేలు కనపడే సమయానికి ఆలస్యమైపోయినట్టే, ఎంత నష్టమైనా ఆ మూడు వేలలోంచి మీ 200 తీసుకుని బయటికి రావాలి.

సర్క్యూట్ తగిలాక కూడా కొనుగోలు ఆర్డర్ వెంటనే హద్దు ధరకి పెట్టెయ్యండి. ఒకే ధర దగ్గర ముందు పెట్టినవాడికే ముందు దొరుకుతుంది. మూడుంబావు దాకా బ్రోకర్ కోసం ఆగితే లైన్‌లో చిట్టచివర ఉంటారు. మధ్యలో రద్దు చేసి మళ్ళీ పెడితే చోటు పోతుంది.

రాధిక_రామంతపూర్
ఇంకొకటి. అదే షేర్ మీ డీమ్యాట్‌లో ముందునుంచీ 200 ఉంటే ఆక్షన్ దాకా వెళ్ళక్కర్లేదు. మూడుంబావుకి ముందే పొజిషన్‌ని ఎంఐఎస్ నుంచి డెలివరీ రకమైన సీఎన్‌సీకి మార్చి, మీ షేర్లే డెలివరీ ఇచ్చెయ్యొచ్చు. తర్వాత నెమ్మదిగా కొనుక్కోవచ్చు.

కూకట్‌పల్లి_కుర్రోడు
బుధవారం. తేలిపోయింది. నిన్న పొద్దున్నే 484 తాకి అక్కడే ఉంది. మధ్యాహ్నం వేలంలో 517కి దొరికాయి. 517లోంచి 428 తీస్తే 89, రెండు వందలకి 17,800. మార్జిన్ కంటే 680 ఎక్కువ, దానిపైన బ్రోకర్ ఆక్షన్ ఛార్జీ. ఖాతా మైనస్‌లో చూపించింది, ఇప్పుడే డబ్బు వేశాను. మాస్టారు రాసిన 528 కంటే తక్కువకే పోయింది, 580 పడి ఉంటే ఇంట్లో చెప్పాల్సి వచ్చేది.

లెక్కలమాస్టారు
మైనస్ వెంటనే కట్టేసి మంచి పని చేశారు, ఆలస్యమైతే దాని మీద వడ్డీ పడుతుంది. కాంట్రాక్ట్ నోట్‌లో ఆక్షన్ ధర, ఛార్జీ విడివిడిగా ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

ఉప్పల్_వాణి
ఎన్‌ఎస్‌ఈలో సర్క్యూట్ ఉంటే బీఎస్‌ఈలో 200 కొనేస్తే సరిపోయేది కాదా? అక్కడ ఒకరిద్దరు అమ్మేవాళ్ళు ఉంటారు కదా.

రాధిక_రామంతపూర్
ఇప్పుడు రెండు ఎక్స్ఛేంజీల లెక్క ఒకే క్లియరింగ్ కార్పొరేషన్‌లో కలుస్తుంది కాబట్టి కొట్టేసుకుపోవాలి.

డెల్టా_దిల్‌సుఖ్‌నగర్
కలవాలి, కానీ మీ బ్రోకర్ సిస్టమ్ దాన్ని రెండు వేర్వేరు పొజిషన్లుగా చూసి బీఎస్‌ఈది కూడా మూడుంబావుకి అమ్మేస్తే? ఎంఐఎస్‌లో కాకుండా సీఎన్‌సీలో కొనాలి, దానికి పూర్తి డబ్బుండాలి. నా బ్రోకర్‌కి రాసి అడిగాను, జవాబు రాగానే ఇక్కడ పెడతాను.